పర్మాడెత్ ఉన్న ఆటలో రిస్క్ ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు వద్దనుకోవాలి

ప్రశ్న: "పర్మాడెత్ అంటే సేవ్ లేకపోవడమేనా, ఇంకేమైనా ఉందా? అలాంటి ఆటల్లో నేను చాలా జాగ్రత్తగా ఆడతాను, అయినా సగం దారిలోనే చనిపోతాను. ప్రతిసారీ సంచి నిండా వాడని వస్తువులు మిగిలిపోతాయి. తప్పు ఎక్కడ జరుగుతోంది?"

సేవ్ లేకపోవడం అన్న మాట పూర్తిగా సరైనది కాదు. పర్మాడెత్ ఉన్న ఆటలు చాలావాటిలో సేవ్ ఉంటుంది, కాని అది ఆటను ఆపి మళ్లీ కొనసాగించడానికి మాత్రమే పనికొస్తుంది, వెనక్కి వెళ్లడానికి పనికిరాదు. 1980లో యూనిక్స్ యంత్రాల మీద వచ్చిన రోగ్ అనే ఆటలో సేవ్ చేస్తే ఆట మూసుకుపోయేది, తిరిగి తెరిచినప్పుడు ఆ సేవ్ ఫైలును ఆటే చెరిపేసేది. అంటే ఆటగాడి చేతిలో ఏ క్షణంలోనైనా ఒకే ఒక్క వర్తమానం ఉండేది. పాత్ర చనిపోతే ఆ పాత్ర, అది పోగుచేసుకున్న వస్తువులు, నడిచిన దారి అన్నీ ముగిసిపోతాయి, తరువాతి ఆట కొత్త పాత్రతో, కొత్తగా అల్లుకున్న నేలమాళిగల్లో మొదలవుతుంది. 1987లో వచ్చిన నెట్‌హ్యాక్ ఇదే పద్ధతిని తీసుకుని ఇప్పటికీ కొనసాగిస్తోంది. నేను ఎక్కువ కాలం ఆడినది ఆ ఆటే కనుక నా ఉదాహరణలన్నీ దాని నుంచే వస్తాయి, అయితే లెక్క మాత్రం ఇలాంటి ఆటలన్నింటికీ వర్తిస్తుంది.

మీరు చెప్పిన రెండు లక్షణాలు, అంటే జాగ్రత్తగా ఆడినా చనిపోవడం, వస్తువులు మిగిలిపోవడం, వేరువేరు సమస్యలు కావు. పర్మాడెత్ వల్ల రిస్క్ తగ్గించుకోవాలని మనందరికీ తోస్తుంది. నిజానికి అది రిస్క్‌ను కొలిచే కొలతను మారుస్తుంది. ఆ మార్పును పట్టించుకోకుండా పాత కొలతతోనే "జాగ్రత్త" పడితే, జాగ్రత్త అక్కర్లేని చోట దాన్ని ఖర్చుపెట్టి, కావలసిన చోట చేతులు ఖాళీ చేసుకుంటాం.

ముందు ఆ కొలత సంగతి చూద్దాం. ఒక పోరాటంలో మీరు చనిపోయే అవకాశం వందకు రెండు అనుకోండి. వెనక్కి వెళ్లగలిగే ఆటలో ఇది లెక్కలోకి రాదు, ఎందుకంటే సగటున యాభై పోరాటాలకు ఒకసారి సేవ్ నుంచి మళ్లీ మొదలుపెడతారు, కొద్ది నిమిషాలు పోతాయి. పర్మాడెత్ ఉన్న ఆటలో అదే రెండు శాతం పోరాటాన్ని యాభైసార్లు చేస్తే, యాభైయ్యో పోరాటం దాటి బతికి ఉండే అవకాశం 36 శాతం మాత్రమే. నూరు పోరాటాలైతే 13 శాతం. ఏ ఒక్క పోరాటాన్ని విడిగా చూసినా మీరు తప్పు చేసినట్టు అనిపించదు, ప్రతిసారీ 98 శాతం మీవైపే ఉంది. అయినా మూడింట రెండు ఆటలు సగంలోనే ముగిసిపోతాయి. "జాగ్రత్తగా ఆడినా చనిపోతున్నాను" అన్న అనుభవంలో ఎక్కువ భాగం ఇదే. ఆ రెండు శాతాన్ని ఒక శాతానికి తగ్గించగలిగితే యాభై పోరాటాల తరువాత బతికి ఉండే అవకాశం 36 నుంచి 60కి పెరుగుతుంది. కంటికి ఆనని ఆ చిన్న తేడా దగ్గరే ఆట మొత్తం నిర్ణయమవుతుంది.

అందుకే పర్మాడెత్ ఆటల్లో అనుభవం ఉన్నవారు "ఈ పోరాటం గెలుస్తానా" అని అడగరు. "ఇలాంటి పోరాటానికి ఇలా దిగడం నా అలవాటైతే ఎన్నాళ్లు బతుకుతాను" అని అడుగుతారు. పైకి ఒకేలా కనిపించినా ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు తరచుగా ఎదురెదురుగా ఉంటాయి.

దీన్ని ఒక నిజమైన సందర్భంలో పెట్టి చూపిస్తాను. కొన్నేళ్ల క్రితం నా వాల్కిరీ పాత్ర, అంటే కత్తి పట్టిన యోధురాలు, ఏడవ అంతస్తులో ఒక పొడవైన ఇరుకు దారిలో ఉండగా సోల్జర్ యాంట్‌లు అనే చీమలు రెండు ఎదురయ్యాయి. ఆ క్షణంలో నా హెచ్‌పీ, అంటే మిగిలిన ప్రాణబలం, 41, గరిష్ఠం 58. కవచం విలువ 5, అంటే ఆ దశకు మరీ బాగాలేదు, మరీ చెడ్డగానూ లేదు. ఇరుకు దారి కనుక ఒకసారికి ఒక చీమే నా మీదకు రాగలదు. నేను పోరాడాలని నిర్ణయించుకున్నాను. ఆ సమయంలో నాకది సాహసంగా కూడా తోచలేదు, మామూలు పనిగానే అనిపించింది.

ఇప్పుడు చీమ వైపు నుంచి చూడండి. సోల్జర్ యాంట్ ఒక్కో దాడిలో రెండు దెబ్బలు వేస్తుంది. ఒకటి కాటు, అది తగిలితే 2 నుంచి 8 దాకా పోతుంది. రెండోది ముల్లు, అది తగిలితే 3 నుంచి 12 దాకా పోతుంది. నా కవచానికి ఎదురుగా ఒక్కో దెబ్బ తగిలే అవకాశం ఐదింట నాలుగుకు కాస్త పైగా ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది దాని వేగం. దాని వేగం 18, నాది 12. అందువల్ల నేను ఒక పని చేసే వ్యవధిలో అది ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు దాడులు చేస్తుంది. సగటు లెక్క వేస్తే ఒక్కో టర్న్‌లో, అంటే నాకు వచ్చే ఒక్కో వంతులో, నా నుంచి దాదాపు 15 పోతాయి. చీమ సగటు హెచ్‌పీ 13 లేదా 14, నా కత్తి తగిలే అవకాశం పదింట ఆరు, తగిలినప్పుడు సగటున ఏడెనిమిది పోతాయి. అంటే ఒక చీమను చంపడానికి నాకు మూడు నాలుగు టర్న్‌లు పడుతుంది. నాలుగు టర్న్‌లకు నేను కోల్పోయేది అరవై దాకా. నా దగ్గర ఉన్నది 41. సగటు లెక్కతో చూసినా అది ఓడిపోయే పోరాటమే, కాని నేను ఆ లెక్క వేయలేదు. చీమ చిన్నదిగా కనిపించింది, నా హెచ్‌పీ సగానికి పైగా ఉంది, అంతే.

సగటు లెక్క వేసి ఉన్నా సరిపోయేది కాదన్నది ఇక్కడి అసలు విషయం. పర్మాడెత్ ఆటలో చూడవలసింది సగటు కాదు, నాకు మళ్లీ ఒక నిర్ణయం తీసుకునే వంతు వచ్చేలోపు గరిష్ఠంగా ఎంత పోగలదు అన్నది. ఒక చీమ ఒక టర్న్‌లో రెండు దాడులు చేసి నాలుగు దెబ్బలూ గరిష్ఠంగా తగిలితే 40 పోతాయి. నా దగ్గర 41 ఉన్నాయి. ముల్లులోని విషం సంగతి పక్కన పెడితే, ఆ క్షణంలో ఏం జరిగినా నేను ఇంకొక్క టర్న్ బతికి ఉండటం ఖాయం. అదే నాకున్న చివరి ఖాయమైన టర్న్. తప్పించుకునే పని ఏదైనా ఆ టర్న్‌లోనే చేయవలసింది. నేను కత్తి దూశాను.

ఒక టర్న్ తరువాత హెచ్‌పీ 24కి వచ్చింది. అప్పుడు కూడా నాకు భయం వేయలేదు, ఎందుకంటే నెట్‌హ్యాక్‌లో ఒక రక్షణ ఉంది. హెచ్‌పీ 5కు గాని, గరిష్ఠంలో ఏడవ వంతుకు గాని పడిపోయినప్పుడు ప్రార్థన చేస్తే, అంతకుముందు ప్రార్థించి చాలా కాలమై ఉంటే, దేవుడు పూర్తిగా నయం చేస్తాడు. రెండు ప్రార్థనల మధ్య దాదాపు వెయ్యి టర్న్‌లు ఉండేలా చూసుకోవడం ఆటగాళ్ల అలవాటు. నా విషయంలో ఆ వ్యవధి దాటింది. నా గరిష్ఠం 58 కనుక 8 లేదా అంతకన్నా తక్కువకు వస్తే ప్రార్థించవచ్చు. "8కి రానీ, అప్పుడు ప్రార్థిస్తాను" అని అనుకున్నాను.

24 దగ్గర నిలబడి ఇంకో టర్న్ పోరాడితే ఏమవుతుందో తరువాత కూర్చుని లెక్క వేశాను. సరిగ్గా 1 నుంచి 8 మధ్య ఆగే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి. ఆ కిటికీని దాటేసి నేరుగా చనిపోయే అవకాశం దాదాపు ఆరింట ఒకటి. నేను రక్షణ అనుకున్న మెట్టు మీద పాదం పడే అవకాశానికీ, దాన్ని దాటి కింద పడే అవకాశానికీ మధ్య తేడా అంతే. చీమ దెబ్బలు ఒక్కో టర్న్‌కు సున్నా నుంచి 40 దాకా ఊగుతాయి, ప్రార్థనకు పనికొచ్చే కిటికీ వెడల్పు 8 మాత్రమే. అంత ఊగే దెబ్బకు ఎదురుగా అంత సన్నని కిటికీని నమ్ముకోకూడదు. మెల్లగా, క్రమంగా కొట్టే శత్రువు ముందు అదే ప్రార్థన నిజమైన రక్షణ. ఒక రక్షణ బలం దానిలో మాత్రమే ఉండదు, ఎదుట ఉన్న శత్రువు దెబ్బ ఎంత ఊగుతుందన్న దానిలోనూ ఉంటుంది. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

నేను ఆ కిటికీని దాటి చనిపోయాను.

చనిపోయిన తరువాత నెట్‌హ్యాక్ ఒక ప్రశ్న అడుగుతుంది:

```
Do you want your possessions identified?
```

ఈ తెరను చాలామంది బాధతో దాటేస్తారు. దయచేసి దాటేయకండి, మీ ప్రశ్నకు సమాధానం ఉన్నది అక్కడే. నేను అవును అన్నాను. రెండో అంతస్తులో దొరికి, ఏమిటో తెలియక సంచిలో వేసుకున్న మంత్రదండం నిద్రపుచ్చే దండమని ఆ జాబితాలో తేలింది. ఇరుకు దారిలో ఒకదాని వెనుక ఒకటి నిలబడిన రెండు చీమలనూ అది ఒక్క కిరణంతో నిద్రపుచ్చేది. ఎదురుగా దగ్గరలో గోడ ఉంటే ఆ కిరణం తిరిగి వచ్చి మనల్నే నిద్రపుచ్చే ప్రమాదం ఉంది, కాని నా ఎదుట దారి పొడవుగా ఉంది. 41 హెచ్‌పీ దగ్గర, నా చివరి ఖాయమైన టర్న్‌లో, ఆ ఒక్క పని చేసి ఉంటే ఆట అక్కడ ఆగేది కాదు.

మరి ఎందుకు చేయలేదు? అది ఏ దండమో నాకు తెలియదు. ఎందుకు తెలియదు? రెండో అంతస్తులో దొరికినప్పుడు పరీక్షించలేదు. ఎందుకు పరీక్షించలేదు? పరీక్షిస్తే ఏదైనా చెడు జరుగుతుందేమోనని, వాడితే ఒక మోతాదు తరిగిపోతుందని. అంటే జాగ్రత్త పడ్డాను. మొదట్లో చూపిన ఆ జాగ్రత్తే నాలుగు వేల టర్న్‌ల తరువాత నన్ను చంపింది.

నెట్‌హ్యాక్‌లో తెలియని దండాన్ని పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది. E నొక్కి దానితో నేల మీద రాయడానికి ప్రయత్నిస్తే చాలా దండాలు తమ స్వభావాన్ని బయటపెడతాయి. నిద్ర దండంతో రాస్తే ఈ మాట కనిపిస్తుంది:

```
The bugs on the floor stop moving!
```

ఈ మాట నిద్ర దండానికీ, మరణ దండానికీ ఒకటే. ఆ రెండింటిలో ఏదైనా ఆపదలో చీమల మీద ప్రయోగించవలసిన వస్తువే కనుక, ఏది అన్నది తెలియకపోయినా నాకు కావలసిన నిర్ణయం తెలిసిపోయేది. ఖర్చు ఒక మోతాదు. తెలియని స్క్రోల్ చదవడం, తెలియని పోషన్ తాగడం ఇంత నిరపాయం కాదు, కొన్ని నిజంగానే హాని చేస్తాయి. అయినా చుట్టూ శత్రువులు లేనప్పుడు, హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు, ఆట మొదలై ఇంకా ఎక్కువ సేపు కానప్పుడు చేస్తే ఆ హానిని తట్టుకోగలం. చావు దగ్గరపడ్డాక చదివితే అదే స్క్రోల్ లాటరీ అవుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, పర్మాడెత్‌లో రిస్క్ గురించి నేను నమ్మేదంతా దీని మీదే నిలబడి ఉంది. ఆట మొదట్లో ఉన్నారనుకోండి. మీ పాత్ర చివరిదాకా వెళ్లే అవకాశం ఇప్పటికి 20 శాతం. ఒక పక్కదారి ఉంది, దానిలో చనిపోయే అవకాశం 3 శాతం, కాని బతికి బయటపడితే దొరికే వస్తువు వల్ల గాని తెలిసే విషయం వల్ల గాని మీ అవకాశం 20 నుంచి 25కి పెరుగుతుంది. 97 శాతం సార్లు 25 అంటే 24కు పైన. వెళ్లకుండా ఉంటే 20. వెళ్లాలి. ఇప్పుడు అదే ఆట చివరి దశకు చేరారు, మీ అవకాశం 80 శాతం. అదే 3 శాతం ప్రమాదం ఉన్న పక్కదారి, అదే వస్తువు, కాని ఇప్పటికే బలంగా ఉన్న పాత్రకు అది 80ని 82 మాత్రమే చేస్తుంది. 97 శాతం సార్లు 82 అంటే 80 కన్నా కాస్త తక్కువ. వెళ్లకూడదు. దారి మారలేదు, ప్రమాదం మారలేదు, మీరు ఆటలో ఎక్కడ ఉన్నారన్నది మారింది. ఈ శాతాలను ఎవరూ ఆడుతూ కచ్చితంగా కొలవలేరు, నేను కూడా కొలవను. కాని సంఖ్యలు ఏవైనా దిశ ఇదే. మొదట్లో పోగొట్టుకోవడానికి ఉన్నది తక్కువ, సంపాదించుకోవడానికి ఉన్నది ఎక్కువ. చివరికి వచ్చేసరికి అది తలకిందులవుతుంది.

చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి ఆడతారు. కొత్త పాత్ర పట్ల మొదట్లో అతి జాగ్రత్త, ఏదీ ముట్టుకోరు, ఏదీ పరీక్షించరు. పాత్ర బలపడ్డాక ధైర్యం వస్తుంది, "ఇంత దూరం వచ్చాను, ఇప్పుడు నన్నెవరు ఏం చేస్తారు" అన్న భావం కలుగుతుంది. ఆ దశలోనే బాణం మీటను నొక్కిపట్టి నడుస్తారు, శత్రువులను అక్షరాలుగా చూపే ఆ తెర మీద కొత్తగా ఏ అక్షరం వచ్చిందో చూడకుండా మరో రెండు అడుగులు వేస్తారు. దీర్ఘకాలం బతికిన పాత్రల చావులను నేను నా సొంత ఆటల్లో తిరిగి చూసుకుంటే, శత్రువు బలం వల్ల పోయినవాటికన్నా ఇలా చూపు సడలి పోయినవే ఎక్కువ.

అయితే మొత్తం నెమ్మదించి, ప్రతి పోరాటానికి ముందు హెచ్‌పీ నిండేదాకా కూర్చుంటే సరిపోతుందా? ఆట రూపొందించినవారు దీనికి ముందే అడ్డు పెట్టారు. నెట్‌హ్యాక్‌లో పాత్ర 900 పోషణతో మొదలవుతుంది, మామూలుగా టర్న్‌కు ఒకటి చొప్పున తరుగుతుంది, 150 దాకా తగ్గితే ఆకలి మొదలవుతుంది. కూర్చున్న ప్రతి టర్న్‌కు తిండి ఖర్చు. 2012లో వచ్చిన ఎఫ్‌టీఎల్ అనే అంతరిక్ష నౌక ఆటలో మీరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతిన ప్రతిసారీ వెనుక నుంచి తిరుగుబాటు నౌకాదళం ముందుకు జరుగుతుంది. అదే ఏడాది వచ్చిన స్పెలంకీ కొత్త రూపంలో ఒక అంతస్తులో రెండున్నర నిమిషాలు దాటితే దయ్యం బయలుదేరుతుంది. ఈ గడియారాలు లేకపోతే పర్మాడెత్ ఆట అత్యంత విసుగు పుట్టించే ఆట అయ్యేది, ఎందుకంటే ఎంతసేపైనా వేచి ఉండటమే సరైన ఎత్తు అయ్యేది. ఏదైనా పర్మాడెత్ ఆట కొత్తగా మొదలుపెట్టినప్పుడు నేను ముందుగా వెతికేది దాని గడియారం ఏమిటన్నదే. వేచి ఉండటానికి ఆ ఆట ఎంత వెల కడుతోందో తెలిస్తే గాని ఎక్కడ జాగ్రత్త పడాలో, ఎక్కడ ముందుకు దూకాలో తెలియదు.

వాడని వస్తువుల సంగతికి మళ్లీ వస్తాను. వెనక్కి వెళ్లగలిగే ఆటల్లో అరుదైన వస్తువును దాచుకోవడం తెలివైన పనే, ఎందుకంటే అవసరమైన పోరాటం ఏదో ఒకసారి ఓడిపోతే తెలుస్తుంది, సేవ్ నుంచి తిరిగి వచ్చి అప్పుడు వాడవచ్చు. మనకు ఆ అలవాటు అక్కడి నుంచే అంటుకుంది. పర్మాడెత్‌లో ఆ మొదటి ఓటమే చివరిది, కాబట్టి "ఇది నిజంగా అవసరమైన సందర్భమా" అన్న ప్రశ్నకు ఆట ఎన్నడూ ముందుగా జవాబు చెప్పదు. నేను పెట్టుకున్న నియమం ఇది. ఎదుట ఉన్న శత్రువు ఒక టర్న్‌లో చేయగల గరిష్ఠ నష్టానికి నా హెచ్‌పీ దగ్గరపడగానే, తప్పించుకునే వస్తువును వాడటం గురించి ఆలోచించడం కాదు, వాడేయడమే. పది సందర్భాల్లో తొమ్మిదింటిలో అది అనవసరంగా వాడినట్టు తరువాత అనిపిస్తుంది. ఆ తొమ్మిదీ వృథా కావు, ముందు చెప్పిన రెండు శాతాన్ని ఒక శాతం చేసినది అవే.

ఒకవేళ తప్పించుకునే వస్తువే లేకపోతే? నెట్‌హ్యాక్‌లో నేల మీద Elbereth అని రాసి దాని మీద నిలబడితే చీమలతో సహా చాలా జీవులు దగ్గరకు వచ్చి కొట్టడానికి భయపడతాయి, మనుషులు, మినోటార్‌లు మాత్రం లెక్కచేయరు. 2015లో వచ్చిన 3.6 రూపం నుంచి దాని మీద నిలబడి మీరు దాడి చేస్తే ఆ రాత చెరిగిపోతుంది, ఏదైనా జీవి దాన్ని చూసి బెదిరిన ప్రతిసారీ కూడా ఏడింట ఒక వంతు చెరిగే అవకాశం ఉంది. కాబట్టి అది కోట కాదు, కొన్ని టర్న్‌ల ఊపిరి మాత్రమే. పారిపోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చీమ వేగం మీకన్నా ఎక్కువ కనుక పరుగెత్తితే వెనుక నుంచి దెబ్బలు తింటారు, మెట్లెక్కినా పక్కనే ఉన్న చీమ మీతోపాటే పైకి వస్తుంది. వేగం తక్కువైన శత్రువు దగ్గర మాత్రమే పరుగు ఒక మార్గం. పారిపోవాలా అన్న ప్రశ్న కన్నా ముందు ఎవరి వేగం ఎంత అన్నది తెలిసి ఉండాలి.

చివరగా, ఈ లెక్క ఎక్కడ సరిపోదో కూడా తెలుసుకోండి. 1990లో మొదలైన ఫైర్ ఎంబ్లెమ్ అనే యుద్ధ ఆటల వరుసలో చనిపోయేది ఒక సైనికుడు, ఆట మొత్తం కాదు. అక్కడ చాలామంది ఒక పాత్ర పోగానే ఆ అధ్యాయాన్ని మళ్లీ మొదలుపెట్టేవారు, అంటే పర్మాడెత్‌ను తామే రద్దు చేసుకునేవారు. 2010లో ఆ వరుసలోకి చనిపోయినవారు తిరిగి వచ్చే సులభ పద్ధతి కూడా వచ్చింది. 2012 నాటి ఎక్స్‌కామ్‌లో ఐరన్‌మ్యాన్ అనే పద్ధతి ఎంచుకుంటే ఒకే సేవ్ ఉంటుంది, ఆట దాన్ని తానే రాస్తూ పోతుంది, కనుక పోయిన సైనికుడు పోయినట్టే. అలాంటి చోట రిస్క్ ఆటగాడి మీద ఒకేసారి పడదు, సైనికుల మధ్య పంచబడుతుంది, అనుభవం లేనివారిని ముందు నిలిపి ఆరితేరినవారిని కాపాడుకోవడం సహజంగా అలవడుతుంది. 2000లో వచ్చిన డయాబ్లో 2లోని హార్డ్‌కోర్ అనే పర్మాడెత్ పద్ధతి లాంటి నెట్‌వర్క్ ఆటల్లో ఇంకో చిక్కు ఉంది. మీ తప్పేమీ లేకుండా కనెక్షన్ ఆగిపోయి పాత్ర చావవచ్చు. ఆ కొద్ది సెకన్లలో మీకు వంతే రాదు కనుక "ఒక టర్న్‌లో గరిష్ఠ నష్టం" అన్న నా నియమం అక్కడ అలాగే పనిచేయదు, ఆ సెకన్లన్నింటినీ కలిపి ఒకే టర్న్‌గా లెక్కించి అంత హెచ్‌పీ మిగుల్చుకోవలసి ఉంటుంది.

మీరు ఆడేది నెట్‌హ్యాక్ అయితే ఒక పని చేసి చూడండి. ఆ ఆటలో ఎక్స్‌ప్లోర్ పద్ధతి ఉంది, దానిలో చనిపోయినప్పుడు "Die?" అని అడుగుతుంది, వద్దంటే ఆట కొనసాగుతుంది. అందులో వచ్చిన స్కోరు జాబితాకు ఎక్కదు. దానిలో ఒక పది ఆటలు ఆడి, ప్రతిసారీ ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. చావుకు రెండు టర్న్‌ల ముందు మీ హెచ్‌పీ ఎంత, ఎదుట ఉన్న శత్రువు ఒక టర్న్‌లో గరిష్ఠంగా ఎంత తీయగలదు, ఆ క్షణంలో సంచిలో పరీక్షించని వస్తువులు ఎన్ని. పది ఆటల తరువాత ఆ మూడు వరుసలూ ఇక్కడ రాస్తే, మీ చావుల్లో ఎన్ని ఆలస్యంగా తీసుకున్న నిర్ణయం వల్ల వచ్చాయో, ఎన్ని తెలుసుకోకుండా దాచుకున్న వస్తువుల వల్ల వచ్చాయో విడదీసి చెప్పగలను.